మ్యాపులో చుక్క

మా ఆయన గోడగడియారాలు బాగుచేస్తారు. ముందుగది దుకాణం, వెనక రెండు గదులూ ఇల్లు. లోలకం ఉన్న పాత గడియారాలను మోసుకొచ్చే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆయనే సంచి తగిలించుకుని ఇళ్లకు వెళ్తారు. ముప్ఫైయేళ్లలో ఎవరి గోడమీద ఏ గడియారం ఉందో ఇంకొకరి దగ్గర నోరు జారిన మనిషి కాదు. "మనల్ని లోపలి గదిదాకా రానిచ్చేది పనితనం చూసి కాదే, నోరు చూసి" అంటారు. ఆయనకున్న ఆస్తి ఆ మాటే.

నా ఆస్తి అనుమానం. తలుపు గడియ వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తాను. నా నీడను కూడా నేను రెండుసార్లు తిరిగి చూస్తానని ఆయన ఎగతాళి చేస్తారు. చెయ్యనివ్వండి. నమ్మి మునిగినవాళ్లను చాలామందిని చూశాను గానీ, అనుమానించి మునిగినవాళ్లను నేనింకా చూడలేదు. అప్పటికింకా చూడలేదు.

బాగుచేసిన ప్రతి గడియారానికీ ముందొకటి, తర్వాతొకటి ఫొటో తీయడం ఆయనకు అలవాటు. అవన్నీ ఒక ఆల్బంగా క్లౌడ్‌లో పెట్టి, ఆ లింకు దుకాణం కార్డు మీద వేయిద్దామన్నది మా ఆడపడుచు కూతురు చిట్టి. ఆఫీసులో ఫైళ్లూ కంప్యూటర్లూ చూసే పిల్ల. ఒక ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకొచ్చి మా భోజనాల బల్లంతా ఆక్రమించింది.

"లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అత్తయ్యా" అంది.

"ఎవరైనా అంటే? దొంగ కూడానా?"

"దొంగ కూడా. అందుకే ముందు జాగాలు తీసెయ్యాలి."

నాకు అర్థం కాలేదు. అది వాళ్ల మామయ్య ఫోనులో ఒక ఫొటో తెరిచి వేలితో పైకి జరిపింది. గడియారం కింద చిన్న మ్యాపు, మ్యాపులో ఒక చుక్క. ఆయన వెళ్లిన వీధి, ఆయన తిరిగిన మలుపు. ఫొటో తీసినప్పుడే ఫోను ఆ జాగాను లోపల రాసిపెడుతుందట. ఫైలును ఉన్నదున్నట్టు క్లౌడ్‌లో పెడితే, దించుకున్నవాళ్లకు ఫొటోతోపాటు ఆ చుక్కా వెళ్తుందట. ముప్ఫైయేళ్లు ఆయన నోరు మూసుకుని కూర్చుంటే, ఈ ఫోను ఆయన జేబులోనే కూర్చుని అన్నీ రాసుకుంటోందన్నమాట.

చిట్టి అసలు ఫొటోలను ముట్టుకోలేదు. వాటికి కాపీలు చేసి, ఒక చిన్న ప్రోగ్రాంతో కాపీల్లోంచి జాగాలు తుడిచేసి, వాటినే కొత్త ఫోల్డర్‌లో పెట్టింది. రెండువందల పద్నాలుగు. మచ్చుకు పది తెరిచి చూపించింది. నేను నలభై చూశాను. మ్యాపు ఎక్కడా లేదు. అయినా వదల్లేదు. ఒకదాంట్లో కిటికీలోంచి ఎదురు కొట్టు బోర్డు కనిపిస్తోంది, తీయించాను. ఒకదాంట్లో తలుపు మీద పేరు, అదీ తీయించాను.

"నువ్వు మా ఆఫీసులో ఉండాల్సిన మనిషివి అత్తయ్యా" అంది చిట్టి. నేను పొంగిపోయాను, దాచుకోవడమెందుకు.

చివరికి మా ఇద్దరి ఫోన్లలో కెమెరా జాగా రాసుకునే మీట కూడా ఆపేసింది. ఫోల్డర్‌లో కొత్తవి వేసే వీలు మాకిచ్చి, "వేసేముందు మాత్రం నాకు చూపించండి" అని వెళ్లింది.

మర్నాడు ఆల్బం మళ్లీ చూస్తే వెలితిగా అనిపించింది. గడియారమంటే చూపు ఒక్కటేనా, మోత కూడా కదా. మూడు నెలల కిందట నిచ్చెన పట్టుకోవడానికి ఆయనతో పాటు ఒక టీచరుగారింటికి వెళ్లినప్పుడు, ఆవిడ గోడగడియారం పదకొండు కొడుతుంటే నా ఫోనులో వీడియో తీసుకున్నాను. మా అమ్మగారింట్లో గడియారానిదీ అదే గొంతు. అమ్మ పోయాక దాన్ని ఎవరికిచ్చేశారో కూడా తెలియదు. ఆ మోత వింటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. నలుగురూ వింటే బాగుంటుందని దాన్నీ ఫోల్డర్‌లో వేశాను. మీట ఎలాగూ ఆపేశాం కదా.

రెండు వారాలకు టీచరుగారు ఫోన్ చేశారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయారు. వీధి పక్క కింది వాటాలో ఒక్కరే ఉంటారు. ఆయన స్పీకరు పెట్టారు.

"మా గడియారం సంగతి ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. ఏమైంది?"

"ఎవడో వచ్చాడు. మీ పదకొండు గంటల గడియారం చాలా బాగుందండీ, ఇస్తారా అన్నాడు. లేదు పొమ్మన్నాను. మూడోనాడు మళ్లీ వచ్చి రోడ్డుకి అవతల నిలబడ్డాడు. నువ్వు చెప్పకపోతే గోడ చెప్పిందా?"

ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఆ రోజు ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని, ఒక్క చక్రమూ ముట్టుకోకుండా సాయంత్రందాకా కూర్చున్నారు. చూడలేకపోయాను.

ఆయన చెప్పలేదు. నేను చెప్పలేదు. ఇంక మిగిలిందెవరు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కానీ నేను ఈశ్వరుణ్ణి కాదు, పట్టుకుంటాననుకున్నాను. అసలు ఫొటోలు జాగాలతో సహా చిట్టి లాప్‌టాప్‌లో ఉన్నాయి. దాని స్నేహితుల్లో ఒకడు పాత సామాన్లు కొని అమ్ముతాడని ఎప్పుడో అంది. ఆ మాట అప్పుడు చెవిన పడలేదు, ఇప్పుడు గింగురుమంది. చిట్టిని పిలిపించాను.

"మామయ్య ఫొటోలు ఎవరికైనా చూపించావా?"

"లింకు అందరికీ పంపాను."

"లింకు కాదు. అసలువి. జాగాలున్నవి."

దాని ముఖం ఎర్రబడింది. చెయ్యి జుట్టు మీదికి వెళ్లింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నాను.

"ఆ పాత సామాన్ల అబ్బాయికి చూపించావా?"

"మామయ్య అడిగితే చెప్పేదాన్ని" అంది చిట్టి. "నువ్వు అడిగిన తీరుకి చెప్పను." చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. తప్పు లేనిది అయితే వచ్చేది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆధారం దొరికితే ఆడపడుచుకే చెబుదామని టీచరుగారి వీధికి వెళ్లాను. ఆవిడ తలుపు తట్టే ధైర్యం లేదు. పక్క వాటాలో దర్జీ ఉన్నాడు. రవిక కొలతల నెపంతో కూర్చుని, గడియారం కోసం వచ్చినవాడి మాట కదిపాను.

"ఆ మనిషా? ముందు మా ఇంటికే వచ్చాడమ్మా" అన్నాడు దర్జీ. "ఫోను చేతిలో పెట్టుకుని, దాన్ని చూస్తూ మెట్లెక్కాడు. మీ ఇంట్లో గంట కొట్టే గడియారం ఉందా అన్నాడు. మా ఇంట్లో కుట్టుమిషనే కొట్టుకుంటుంది నాయనా అన్నాను. అంతలో పక్కింట్లో గంట కొట్టింది. అటు వెళ్లాడు."

సగం వీధి దాటాక నా కాళ్లు ఆగాయి. ఎవరైనా నోటితో చెప్పి ఉంటే వాడు నేరుగా టీచరుగారి తలుపే తట్టాలి కదా. పక్కింటికి ఎందుకు వెళ్తాడు? ఫోను చూస్తూ ఎందుకు వెళ్తాడు? పైగా పదకొండు గంటల గడియారం అన్నాడట. గడియారం పన్నెండూ కొడుతుంది, ఒంటిగంటా కొడుతుంది. పదకొండే ఎందుకన్నాడు?

అక్కడే ఒక అరుగు మీద కూర్చుని నా ఫోనులో ఆ వీడియో తెరిచాను. చిట్టి చూపించినట్టే వేలితో పైకి జరిపాను. మ్యాపు వచ్చింది. చుక్క దర్జీ వాటాకీ టీచరుగారి వాటాకీ మధ్య గోడ మీద ఉంది.

చిట్టికి ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తింది.

"మీట ఆపేశాం కదే" అన్నాను.

"ఆపింది అక్కణ్ణుంచి తీసేవాటికి. అంతకుముందు తీసినవాటిలో ఉన్నది ఉంటుంది. ఎందుకు?"

"ఒక వీడియో ఉంది. మూడు నెలల కిందటిది."

"ఫోల్డర్‌లోనా? నేను వీడియోలేమీ పెట్టలేదు. ఎవరు వేశారు?"

"నేనే" అన్నాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావు అత్తయ్యా అంటుందేమోనని చూశాను. అనలేదు. అంటే బాగుండేది.

"ముందు తీసెయ్" అంది. ఫోల్డర్‌లోంచి తీసేశాను, దాని చెత్తబుట్టలోంచి కూడా.

"వాడు దించుకున్నదో?"

"అది మన చేతిలో లేదు. ఇంకెందరు దించుకున్నారో కూడా తెలియదు."

"నిన్ను అనరాని మాటలన్నాను చిట్టీ. తప్పయింది."

"తెలుసు" అంది. కోపం పోయిన గొంతు కాదది. "మామయ్యకు నువ్వే చెప్పు. నేను చెప్పను."

చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆయన భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచారు, చాలాసేపు తుడిచారు. "నా నోరు నేను కాసుకున్నాను" అన్నారు చివరికి. "పద, టీచరుగారికి కూడా నువ్వే చెబుదువుగాని."

టీచరుగారు గొలుసు తీయకుండా సందులోంచి చూసి, తర్వాత తలుపు తెరిచారు. ఆ గొలుసు కొత్తది. కిటికీ రెక్కలు పగలే మూసి ఉన్నాయి. ఉన్నదంతా చెప్పాను, ఒక్క మాట దాచలేదు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "నిన్ను అనుమానించాను, ఏమీ అనుకోకు" అన్నారు. నా వైపు తిరగలేదు.

నేను గోడ వైపు చూశాను. ముళ్లు నాలుగూ పది దగ్గర ఆగి ఉన్నాయి. లోపల లోలకం లేదు. బల్లమీద పాత తువ్వాలులో చుట్టి ఉంది.

"ఆపేశారా?" అన్నారు ఆయన. ఆ గడియారానికి ఆయన రెండు నెలలు పనిచేశారు.

"వాడు గంట విని కదా ఈ తలుపు దగ్గరికొచ్చింది" అన్నారు ఆవిడ. "ఆ వీడియో ఇంకా ఎవరి దగ్గరుందో తెలియదంటున్నారు. ఇంకొకడు రాడని మీరు చెప్పగలరా?"

చెప్పలేను.

"మా నాన్నగారు కొన్నది. నాకు ఊహ తెలిశాక దాని మోత లేని రోజు లేదు." ఆవిడ మొదటిసారి నా వైపు చూశారు. "ఆ వీడియో నీ ఫోనులో ఇంకా ఉందా?"

"ఉందండీ. ఇప్పుడే తుడిచేస్తాను."

"వద్దు. ఒకసారి పెట్టు."

పెట్టాను. వీడియోలో గడియారం గుర్రుమని గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆవిడ కళ్లు మూసుకుని లెక్కపెడుతున్నారు, పెదవులు కదులుతున్నాయి. నాలుగో గంటకు కళ్లు తెరిచి మూసిన కిటికీ వైపు చూశారు.

"కాస్త తగ్గించమ్మా" అన్నారు. "బయటికి వినపడుతుంది."