ఏటవాలు బండ

పుష్పవల్లి పొద్దున ఏడున్నరకు వచ్చి చెప్పులు విడిచేలోపలే ల్యాబులో ఫోను మోగింది. వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ఆసుపత్రిలో ఏ రోగికి ఏ మందు పనిచేస్తుందో పరీక్షించి చెప్పడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. ముగ్గురు చేసే పనిని ఏడాదిగా ఇద్దరే చేస్తున్నారు. ఒళ్లు బరువుగా ఉంది.

ఫోను చేసింది వార్డు డాక్టరు నరేన్. ఎన్నూరు వాగులో రొయ్యలు పట్టే చెల్లమ్మ అనే మనిషికి నెత్తురులో చీము క్రిములు చేరాయి. మెరోపెనెం ఇస్తుంటే జ్వరం దిగుతోంది. అంతలో నిన్న సాయంత్రం ఆ మందు పనిచేయదని ల్యాబు రిపోర్టు వచ్చింది. దాన్ని ఆపి కొలిస్టిన్ మొదలుపెట్టారు. ఆమె మూత్రపిండాలు అసలే అంతంత మాత్రం, కొలిస్టిన్ దెబ్బ కొట్టేది వాటినే. రిపోర్టు సరైనదేనా, ఒకసారి చూడమన్నాడు.

పుష్పవల్లి ఫ్రిజ్‌లోంచి నిన్నటి ప్లేటు తీసింది. క్రిములు పెంచడానికి వేడిగా పోసి గడ్డకట్టించిన అగార్ అనే జిగురు మీద క్రిమిని పూసి, పైన ఐదు మందు బిళ్లలు పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచిన ప్లేటు అది. పనిచేసే మందు చుట్టూ క్రిమి మొలవదు, గుండ్రటి ఖాళీ మిగులుతుంది. మెరోపెనెం ఖాళీ అడ్డంగా ఇరవై మూడు మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మందు పనిచేస్తుంది. పందొమ్మిది, అంతకు తక్కువ ఉంటే పనిచేయదు. ప్లేటు బోర్లించి, నల్లగుడ్డ మీదుగా పట్టుకుని, వెనకనుంచి స్కేలు పెట్టింది. పందొమ్మిదే. కొలత తప్పలేదు.

కాని ఖాళీ గుండ్రంగా లేదు. అంచు వైపు నొక్కేసినట్టుంది. అదే రోజువి మరో మూడు ప్లేట్లు తీసి వరసగా పేర్చింది. నలుగురు రోగులు, నాలుగు రకాల క్రిములు. అయినా అన్నింటిలోనూ తేదీ రాసిన వైపు ఖాళీలు చిన్నవి, ఎదుటి వైపువి పెద్దవి.

తేదీ ఆమే రాస్తుంది. అగార్ పోయకముందు, ప్లేటు అడుగున, తన వైపు అంచులో. మర్నాడు తేదీ తన వైపుకు తిప్పుకుని, మొదటి బిళ్లగా మెరోపెనెం అక్కడే పెడుతుంది. చేతికి అబ్బిన అలవాటు.

బ్లేడుతో అగార్‌ను అడ్డంగా కోసింది. తేదీ వైపు ఆరు మిల్లీమీటర్ల మందం, ఎదుటి వైపు రెండున్నర. అంతటా నాలుగు ఉండాలి. మందమైన చోట మందు లోతుకు దిగిపోయి పక్కకు తక్కువ పాకుతుంది.

అగార్ పోసే గదిలోకి వెళ్లి, ప్లేట్లు పరిచి పోసే బండ మీద నీళ్లు చిలకరించింది. నీళ్లు ఆమె వైపుకే జారి వచ్చాయి. పోయిన వారం పైపు బాగుచేసినప్పుడు మేస్త్రి బండ తీసి మళ్లీ పెట్టాడు. ఆమె రసమట్టం పెట్టి చూసుకోలేదు.

డాక్టర్ హైందవి గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లయింది, ల్యాబుకు పెద్ద ఆమే. ఆ పొద్దున ఆమె వచ్చీ రాగానే పుష్పవల్లి కోసిన ప్లేటు ముందు పెట్టి అంతా చెప్పింది.

"కొత్తగా పోసినవాటి మీద కంట్రోలు క్రిమిని పెట్టి చూడలేదా అమ్మా?" ఖాళీ ఎంత రావాలో ముందే తెలిసిన క్రిమి అది, ప్లేటు సరిగ్గా ఉందో లేదో దానితోనే తేలుతుంది.

"సోమవారం పెట్టింది బాగానే వచ్చె డాక్టరమ్మా. అది పాత ప్లేట్లలో. ఇవి మంగళవారం పోసినవి. మళ్లా సోమవారం చూస్తాంలే అనుకున్నా. నాదే తప్పు."

"మేస్త్రి మీదకి తొయ్యొచ్చుగా."

"ఆయప్ప బండ పెట్టినాడు. ఈడ పోసింది నేను కదా."

హైందవి నాలుగు రిపోర్టులూ వెనక్కి తీసుకుంటున్నట్టు వార్డులకు తనే ఫోను చేసింది. తిరిగి చూసేదాకా చెల్లమ్మకు ఏం ఇవ్వాలో నరేన్‌తో చాలాసేపు మాట్లాడింది. జ్వరం దిగింది మెరోపెనెంతోనే కాబట్టి దాన్నే మళ్లీ మొదలుపెడతామని, కొలిస్టిన్ మాత్రం రేపటి ఫలితం వచ్చాకే ఆపుతామని అతను అన్నాడు. మూత్రపిండాలకు ఇంకో రోజు దెబ్బ అన్నమాట.

పుష్పవల్లి మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, బండ కాళ్ల కింద రేకు ముక్కలు దోపి, బుడగ నడిమికి వచ్చాక కొత్తగా పోసింది. క్రిమిని నీళ్లలో కలిపి నల్లగీతల అట్ట ముందు పట్టి, ఆ మసకను నమూనా గొట్టంతో పోల్చుకుంది. చిక్కనైతే ఖాళీ చిన్నదవుతుంది, పలచనైతే పెద్దదవుతుంది. పూసిన పావుగంటలోపల బిళ్లలు పెట్టింది. ఒకటి పక్కకు పడితే జరపకుండా ప్లేటే మార్చింది. పడిన క్షణంలోనే మందు దిగడం మొదలవుతుంది. నడుము పట్టేసింది. అంతకన్నా తొందరగా అయ్యే పని కాదు.

మర్నాడు పొద్దున ముందు కంట్రోలు కొలిచింది. ముప్ఫై ఒకటి, హద్దులోనే ఉంది. ఆ తర్వాత చెల్లమ్మది. ఇరవై అయిదు. ప్లేటు తిప్పి ఇంకో అడ్డం కొలిచింది. ఇరవై అయిదే.

సవరణ కాగితంలో కారణం అని ఉన్న చోట, అగార్ మందం సమంగా లేదని, పోసింది తానేనని రాసి సంతకం పెట్టి, నరేన్‌కు ఫోను చేసింది.

కొలిస్టిన్ ఇప్పుడే ఆపేస్తానన్నాడు. మూత్రపిండాలు దెబ్బతింటే నెత్తురులో పెరిగే క్రియాటినిన్ ఒకటిన్నర ఉన్నది రెండు దాటిందని కూడా చెప్పాడు.

"తగ్గుతాదా సార్?"

"చూడాలమ్మా. కొందరికి తగ్గుతుంది."

ఫోను పెట్టేసి, ఆ నలుగురిలో జయరామన్ అనే రోగి ప్లేటు తీసుకుంది. మొన్నటి రిపోర్టులో ఇతనికి జెంటామైసిన్ పనిచేస్తుందని రాసింది. ఆ బిళ్ల అప్పుడు పలచటి వైపు పడి ఖాళీ పెద్దగా వచ్చింది. ఇప్పుడు ఖాళీ పన్నెండే. ఆ మందు ఇతనికి పనిచేయదు.

మళ్లీ ఫోను అందుకుంది.