మంగవ్వ సగటు వేగం

ఎస్.ఆర్. నగర్‌లోని ఆ హాస్టల్ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. ఆ ఉదయం హైందవి దాన్ని గోడకు ఆనించి, అందులో ఎవరూ లేరని నిశ్చయించుకుని, "కూర్చోండి" అంది.

తల తుడుచుకుంటున్న రూమ్మేట్ సుష్మిత తువ్వాలు పక్కకు జరిపి చూసింది. "ఎవరినే కూసోమంటున్నవ్?"

"మంగవ్వని."

"ఏ మంగవ్వ?"

"ఇప్పుడే పుట్టింది. అరవై ఏళ్లు. లెక్కలు ఒక్క ముక్క రావు. ఆవిడకి మామూలు మాటల్లో చెప్పాలి. నేనెక్కడ తడబడితే అక్కడ నాకే తెలియదన్నమాట."

"మస్తుగుంది. నాకు చెప్పొచ్చు గదా?"

"నీకు లెక్కలొచ్చు. సగంలోనే 'ఆ ఆ, తెలుసు' అంటావు."

అది నిజం కనుక సుష్మిత మళ్లీ తువ్వాల్లోకి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు అమీర్‌పేటలో ఒక బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్‌లో హైందవి డెమో క్లాసు చెప్పాలి. ఇది మూడోది. మొదటి రెండు చోట్లా ఒకే మాట అన్నారు: పుస్తకం చదివి వినిపించినట్టుంది. ఇదీ పోతే సోమవారం పంజాగుట్టలోని కాల్ సెంటర్‌లో చేరతానని మాట ఇచ్చేసింది. లెక్కలు చెప్పడం తప్ప మరే పనీ తనను ఇంత సంతోషపెట్టదని ఆమెకు తెలుసు. తెలుసు అన్న మాటే ఈ మధ్య కొంచెం అనుమానంగా వినిపిస్తోంది.

"సగటు వేగం, మంగవ్వగారూ. మీరు ఆటోలో మీ అమ్మాయి ఇంటికి గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లారు. అదే దారిలో ముప్ఫైతో తిరిగొచ్చారు. సగటు ఎంత? రెండు వేగాలనూ గుణించి, రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగిస్తే ఇరవై నాలుగు. పది సెకన్లు!"

కుర్చీలోంచి మంగవ్వ అడిగింది: "ఇరవైకి, ముప్పైకి నడుమ ఇరవై ఐదు గదా బిడ్డా? గా ఒక్కటి ఏడ వోయింది?"

హైందవి నోరు తెరిచింది. "ఎందుకంటే..." అంది. "ఎందుకంటే సూత్రం అలా ఉంది."

"సూత్రం ఎందుకట్లున్నది?"

నాలుగేళ్లుగా పది సెకన్లలో చేస్తున్న లెక్క. ఆ పది సెకన్లలో ఎన్నడూ తాను లేనని ఆమెకు మొదటిసారి తోచింది. భయపడవలసిన చోట ఆమెకు నవ్వొచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. అవి ఫోనుకు పెట్టి లేవు. చెవుల్లో తీగ ఉంటే ఈ చుట్టుపక్కల ఎవరు ఎవరితో మాట్లాడుకున్నా ఎవరూ పట్టించుకోరు.

మెట్రో స్తంభాల కింద నడుస్తూ ఆమె మళ్లీ మొదలుపెట్టింది. "ఆరు కిలోమీటర్లు అనుకుందాం. ఇరవైతో వెళితే ఎన్ని నిమిషాలు? పద్దెనిమిది. ముప్ఫైతో వస్తే పన్నెండు. అంటే..."

ఆమె ఆగింది. వెనక వచ్చే మనిషి ఢీకొని సారీ చెప్పి వెళ్లాడు.

"అంటే మీరు నిదానంగా ఎక్కువసేపు ఉన్నారు మంగవ్వా! అరగంటలో పద్దెనిమిది నిమిషాలు ఇరవైలోనే గడిపారు. అందుకే సగటు ఇరవై వైపు జరిగింది. మొత్తం పన్నెండు కిలోమీటర్లు, అరగంట. గంటకు ఇరవై నాలుగు!"

"అట్ల జెప్పు. మరి రెండు తీర్ల సమానం సేపు పోతే?"

"అప్పుడు ఇరవై ఐదే. నా సూత్రం పనికిరాదు. అది దూరాలు సమానమైతేనే. అయ్యో, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!" అని, చెప్పే ఉంటారు, తానే వినలేదని ఒప్పుకుంది.

"అక్కా, డెమో ఫ్రీ" అంటూ ఒకాయన కరపత్రం చేతిలో పెట్టాడు.

"నేనే డెమో" అంది హైందవి, ఎగిరినంత పని చేసి.

మంగవ్వ అంతటితో వదల్లేదు. "పోయేటప్పుడు ఇరవైతోనే పోయిన. మొత్తం మీద సగటు నలభై గావాలె. ఎంత జోరుగ రావాలె?"

అరవై అనబోయింది. అది పాత పొరపాటే. కరపత్రం వెనక సూత్రం రాసి, తిరుగు వేగానికి ఒక అక్షరం పెట్టి లెక్క కట్టింది. రెండు వైపులా ఆ అక్షరం కొట్టుకుపోయింది. మిగిలినది: ఎనిమిది వందలు సున్నాకు సమానం. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని మళ్లీ చేసింది. మళ్లీ అదే. సరే, మామూలు మాటల్లో.

"పన్నెండు కిలోమీటర్లు నలభైతో తిరగాలంటే పద్దెనిమిది నిమిషాలు. ఆ పద్దెనిమిదీ మీరు వెళ్లేటప్పుడే ఖర్చు పెట్టేశారు."

"అంటే నాకు తిరిగొచ్చెటందుకు ఒక్క నిమిషం సుత లేదా?"

"లేదు! మీరు అక్కడ చేరిన క్షణంలోనే ఇక్కడికి వచ్చేయాలి!"

ఆమె పగలబడి నవ్వింది. పక్క మెట్టు మీద టీ తాగుతున్న ఇద్దరు, ఫోనులో ఎవరో బాగా నవ్విస్తున్నారనుకుని తామూ నవ్వారు.

పదకొండు గంటలకు క్లాసులో నలభై మంది విద్యార్థులు, వెనక బెంచీలో సెంటరు నడిపే అరుణాదేవి. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఆమె నవ్వగా చూసినవారు లేరని కింద రిసెప్షన్‌లోనే చెప్పారు.

హైందవి సూత్రం రాయలేదు. ఆటో గురించి, నిమిషాల గురించి చెప్పింది. ఇరవై నాలుగు ఎక్కడినుంచి వచ్చిందో చూసి ముందు వరుస తలలూపింది. అప్పుడు ఆమె, సగటు నలభై కావాలంటే ఎంత వేగంతో తిరిగి రావాలన్న ప్రశ్న వేసింది.

"అరవై!" గది మొత్తం అరిచింది.

"అరవై" అంది వెనక నుంచి అరుణాదేవి కూడా, కాగితం మీద రాసుకుంటూ.

"అలా కాదు మంగవ్వా" అంది హైందవి.

ఎవరో పెన్ను కింద పడేశారు. అయిపోయింది అనుకుంది హైందవి. అయిపోయింది కనుక పోగొట్టుకునేదేమీ లేదు, మాట తేలికైంది. "మేడమ్, వెళ్లడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది కదా. మొత్తం ప్రయాణానికి మీ దగ్గరున్నవి ఎన్ని?"

అరుణాదేవి కాగితం మీద ఏదో కొట్టేసింది. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేసింది. లేచి, బెంచీల మధ్య నుంచి బోర్డు దాకా వచ్చి, మార్కరు తీసుకుంది.

"వందతో వస్తే?"

"ముప్ఫై మూడు పైచిలుకు, మేడమ్."

"వెయ్యితో?"

"ముప్ఫై తొమ్మిది దాటుతుంది. నలభై కాదు."

"విమానం!" అన్నాడు మూడో బెంచీలో ఒకడు.

"రాకెట్టు పెట్టు భాయ్!"

"అవ్వని రాకెట్టుల గూసోబెడతవా?"

గది వేలంపాటలా తయారైంది. లక్ష అన్నారు, కోటి అన్నారు. అరుణాదేవి ఒక్కొక్కటీ బోర్డు మీద కడుతూ పోయింది. జవాబు నలభైకి వెంట్రుకవాసి దూరంలో ఆగిన ప్రతిసారీ ఆమె భుజాలు కదిలాయి. నాలుగోసారికి అది నవ్వని అందరికీ అర్థమైంది. పక్క గదిలో ఇంగ్లిషు చెబుతున్నాయన తలుపు తీసి చూసి, మూసుకుని వెళ్లాడు.

"ఇరవై ఏళ్లు" అంది ఆమె ఊపిరి తీసుకుంటూ. "ఇరవై ఏళ్లుగా ఆ సూత్రం రాయించాను. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. ఎవరమ్మా ఈ మంగవ్వ?"

"లేరండి. అంటే, ఉన్నారు కానీ..." హైందవి ఖాళీగా ఉన్న వెనక బెంచీ వైపు చూపించింది.

అరుణాదేవి అటు చూసింది. ఇవతలికి తిరిగి మార్కరు ఆమె చేతిలో పెట్టింది.

"రేపు ఏడింటి బ్యాచ్ నీది. శాతాలతో మొదలుపెట్టు. ధర పది శాతం పెంచి, పది శాతం తగ్గిస్తే మళ్లీ మొదటికి ఎందుకు రాదో నాకు మామూలు మాటల్లో కావాలి. నేను ముందు బెంచీలో కూర్చుంటాను."

"ఎందుకు రాదంటే..." అని మొదలుపెట్టి, హైందవి నోరు తెరుచుకునే ఉండిపోయింది. నలభై మంది సంతోషంగా ఎదురుచూశారు.