ప్యానెల్ మీద పేరు

ఫ్లోరా తల్లి సువార్త ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. సెలైన్ సీసా అయిపోయినా చూసుకునే మనిషి లేక రోగి చేతి గొట్టంలోకి రక్తం ఎక్కిన సంగతి ఆమె ఓసారి ఇంట్లో చెప్పింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఫ్లోరాకు ఆ మాట మనసులో పడింది. చుక్కలు ఆగగానే బజర్ మోగే పరికరం చేసి, కాలేజీల మధ్య జరిగే పోటీకి తీసుకెళ్లాలనుకుంది. తోడుగా క్లాస్‌మేట్ త్యాగరాజు చేరాడు. అతని ఊరు తెనాలి, ఉండేది ఢిల్లీ బేర్ సరాయ్‌లో అద్దెగదిలో.

చుక్క పడ్డప్పుడల్లా కాంతిని అడ్డుకుంటే ఆ తేడా కనిపెట్టే ఫోటోసెల్ కావాలి. మంచివి వాళ్లకు అందే ధరలో లేవు. ఓఖ్లా పారిశ్రామికవాడలో నాగభూషణం గారనే తెలుగాయన కూల్‌డ్రింకు ఫ్యాక్టరీలకు ఫోటోసెల్స్‌తో సీసాలు లెక్కపెట్టే యంత్రాలు చేస్తారని తెలిసి, ఆయనకు ఉత్తరం రాయాలనుకున్నారు.

త్యాగరాజు రాసిన మొదటి ఉత్తరం నిండా కాలేజీ గొప్పలే.

"ఇందులో మనకేం కావాలో ఎక్కడుంది?" అంది ఫ్లోరా.

ఆమె మళ్లీ రాసింది. పరికరం ఏం చేస్తుందో నాలుగు మాటల్లో చెప్పి, కావలసిన ఫోటోసెల్స్, బజర్‌కి కరెంటు కలిపే రిలే, బల్బులు ఎన్నెన్నో, ఏ తేదీలోగా కావాలో కింద రాసింది.

"ఆయనకేం లాభం? కంపెనీ పేరు ముందు ప్యానెల్ మీద పెద్దక్షరాలతో వేస్తామని రాయి" అన్నాడు త్యాగరాజు.

సబబుగానే తోచి రాసేసింది. కాలేజీ లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, డిపార్ట్‌మెంట్ హెడ్ గారి సంతకం తీసుకున్నారు. వారంలోగా సామాన్లు ఉచితంగా వచ్చేశాయి.

ఆ తర్వాత పోటీ నిబంధనల కాగితం వచ్చింది. ప్రదర్శన వస్తువు మీద ఏ కంపెనీ పేరూ ఉండకూడదు, ఉంటే పోటీనుంచి తప్పిస్తారు. సాయం చేసినవాళ్ల పేరు రిపోర్టులో వేసుకోవచ్చు.

ఫ్లోరా ఆ కాగితాన్ని త్యాగరాజు ముందు పెట్టింది.

"నాగభూషణం గారికి చెప్పకు. ఆయన చూడ్డానికొస్తాడా ఏంటి? అయిపోయాక పేరు అంటించి ఫోటో తీసి పంపిద్దాం" అన్నాడు త్యాగరాజు.

"హెడ్ సార్ సంతకం ఉంది దాని మీద. అబద్ధం బయటపడితే రేపు మన జూనియర్లు అడిగినా ఎవరిస్తారు?"

"సామాను వెనక్కి ఇచ్చెయ్యమంటే?"

రెండు రోజులు ఆలోచించి ఫ్లోరా, ప్యానెల్ మీద పేరు వేయలేమని ఇంకో ఉత్తరం రాసి, హెడ్ గారికి చూపించింది. ఆయన తనూ నిబంధనలు చూడకుండానే సంతకం చేశానని ఒప్పుకుని, దాని మీదా సంతకం పెట్టారు. ఇద్దరూ ఓఖ్లా బస్సెక్కారు. సామాన్ల సంచి త్యాగరాజు పట్టుకున్నాడు.

నాగభూషణం గారు ఉత్తరం చదివి కళ్లజోడు తీశారు. లోపల రేకులు నొక్కే ప్రెస్సు చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది.

"మాటివ్వక ముందు రూల్స్ చూడాలని తెలీదామ్మా?"

"తప్పయింది సార్. కాగితం తర్వాత వచ్చింది, కానీ ముందే అడిగి ఉండాల్సింది. సామాన్లు తెచ్చాం సార్, కావాలంటే..." ఫ్లోరా సంచి వైపు చూపించింది.

"నా పార్ట్‌నర్ ఇచ్చేది లేదన్నాడు. పేరేస్తారట కదా భాయ్ అని నేనే ఒప్పించా. ఇప్పుడాయనకి ఏం చెప్పను?"

ఆయన లేచి లోపలికెళ్లారు. అద్దం అవతల పార్ట్‌నర్ చేతులూపుతూ ఏదో అంటున్నాడు. మాటలు వినబడక ఫ్లోరా ఆయన చేతులనే చూస్తూ కూర్చుంది. త్యాగరాజు సంచి తాడు వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

నాగభూషణం గారు తిరిగొచ్చి కూర్చున్నారు.

"ఊరికే ఇచ్చేది లేదంటున్నాడు. అరువిస్తాం. పోటీ అవగానే ఒక్కటి కూడా పాడవకుండా తెచ్చియ్యాలి. రిపోర్టులో పేరెయ్యండి. ఠీక్ హై?"

"ఠీక్ హై అంకుల్!" అంది ఫ్లోరా. కంగారులో సార్ అనడం మరిచిపోయింది.

అరువు కాగితం రాసిచ్చి రోడ్డు మీదికొచ్చాక త్యాగరాజు, "ఇచ్చినవి కాస్తా అరువు చేశావ్" అన్నాడు. బస్‌స్టాపు వైపు నడుస్తూ, "పోన్లే, ఫోటో అబద్ధం నావల్ల అయ్యేది కాదు" అన్నాడు.

పోటీలో పరికరం రెండుసార్లు బాగా మోగింది. మూడోసారి కిటికీ ఎండ పడి, చుక్కలు పడుతుండగానే మోగింది. బహుమతి రాలేదు.

సామాన్లు అప్పగించడానికి వెళ్లినప్పుడు నాగభూషణం గారు విప్పవద్దన్నారు. బల్ల మీద నీళ్లసీసా కట్టించి, చుక్కలు ఆపి బజర్ విన్నారు. పార్ట్‌నర్‌ని కూడా పిలిచారు.

"సెల్ చుట్టూ నల్లగొట్టం తొడగాలమ్మా. ఎండ సంగతి మేం సీసాల దగ్గరే నేర్చుకున్నాం" అన్నారు.

తర్వాత స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చారు. ఫ్లోరా ఒక్కొక్కటే విప్పి లెక్క అప్పజెప్పింది. పార్ట్‌నర్ అన్నీ సరిచూసుకుని అరువు కాగితం చింపేశాడు.

"వచ్చే ఏడు కావాలంటే మళ్లీ రాయండి" అన్నాడాయన హిందీలో.