నుదుటి మీద మొన

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే అతన్ని ముప్పై రెండేళ్లొచ్చినా ఇంట్లో చిన్నోడనే పిలుస్తారు. దుకాణంలో ఎటు తిరిగినా అద్దాలే. రోజుకు వందసార్లు తన మొహం తనకే ఎదురయ్యేది. నుదుటి నడుమ జుట్టు మొనదేలి కిందికి దిగి, రెండు మూలలా లోపలికి పోయి ఉంటుంది. చిన్నప్పటినుంచీ అంతేనని అనుకునేవాడు.

ఒకరోజు ఫ్రేము పెట్టుకుని చూసుకుంటున్న పెద్దాయన అద్దంలోంచే అతని వంక చూశాడు. "మీకూ మొదలైందా బాబూ? నాకూ ఇలాగే మూలల్లోనే మొదలైంది" అని జాలిపడి, బోడితల నిమురుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక చిన్నోడికి కంటి మీద కునుకు లేదు. ఊడుతోందా, ఊడట్లేదా? పక్క కౌంటరతను ఊడుతోందన్నాడు. మధ్యాహ్నానికి అదే మనిషి ఊడట్లేదన్నాడు. వీధి చివర క్షురకుడు మాత్రం తేల్చిపారేశాడు. "ఆ మొన గీకేస్తే నుదురు తిన్నగా అయిపోతుంది, రెండు నిమిషాల పని."

ఆ సంగతి ఫోన్లో చెబితే అక్క కెవ్వుమంది. "ఒరేయ్, ఆ పని చెయ్యకు! కాలేజీలో నేను చేశాను. మూడో రోజుకే గరుకుగా నల్లటి మచ్చలా మొలిచింది. మళ్లీ మామూలుగా పెరిగేదాకా తల దించుకునే తిరిగాను."

అక్కకూ అచ్చం అదే మొన. ఆమె ఇప్పుడు ముందు జుట్టు కనుబొమల దాకా తిన్నగా ఫ్రింజ్‌లా కత్తిరించుకుని దాన్ని కప్పేయాలనుకుంటోంది. శనివారం ఇద్దరూ కలిసి ఆడా మగా అందరికీ కత్తిరించే సెలూన్‌కి వెళ్లారు.

సెలూన్ నడిపే ఆవిడ నెమ్మదస్తురాలు. ముందు అక్క జుట్టు తడిపి, నుదుటి మీద పలచని పాయ ఒకటి ముందుకు దువ్వి వదిలేసింది. ఆ పాయ మొన దగ్గరకొచ్చేసరికి దానంతట అదే రెండుగా చీలి చెరోవైపు పడిపోయింది.

"చూశారా? మొన దగ్గర వెంట్రుకలు పెరిగే దారే అది. తిన్నగా కత్తిరించామనుకోండి, పొద్దున్నే లేచేసరికి నడిమధ్య సందు కనబడుతుంది. బాగా వెనకనుంచి ఒత్తుగా జుట్టు తీసుకుంటే కాస్త ఆగుతుంది గానీ, రోజూ దాంతో కుస్తీ పట్టాలి."

"మరి కప్పడమెలా?"

"చీలేదాన్ని చీలనిద్దాం. పాపిడి మొనకి కాస్త పక్కకి తీసి, ముందు పాయలు బుగ్గల దాకా పొడవుంచి ఇటూ అటూ జారేలా కత్తిరిస్తాను. మొన సగం కనబడీ కనబడకుండా ఉంటుంది."

అక్క వెంటనే తలూపింది. ఆమెది అయ్యాక చిన్నోడు కుర్చీ ఎక్కాడు. "మేడమ్, నాది ఊడటమా, పుట్టుకా?"

"కనుబొమలు పైకెత్తండి" అందావిడ. నుదుటి మీద ముడతలు పడ్డాయి. పై ముడత మీద వేలు అడ్డంగా ఆనించి మూలలు చూసింది. అక్కనూ అలాగే ఎత్తమంది. "పై ముడతనుంచి మూలలు ఇద్దరికీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మూలల్లో వెంట్రుకలు కూడా నడినెత్తి మీద ఉన్నంత లావున్నాయి. ఊడేటప్పుడు అక్కడ సన్నబడి నూగులా అవుతాయి. నాకైతే పుట్టుకలాగే ఉంది. అనుమానముంటే ఇవాళ ఫోటో తీసుకోండి, ఆర్నెల్లకి మళ్లీ తీసి పోల్చుకోండి."

ఊపిరి పీల్చుకోవాల్సినవాడు ఇంకా తికమకపడ్డాడు. దాచడానికి తయారై వచ్చాడు. దాచాల్సినదేమీ లేదంటే ఇప్పుడేం చేయాలి?

"వెనక్కి దువ్వితే మొన దర్జాగా కనబడుతుంది" అంది ఆవిడ. "ముందుకి, కాస్త పక్కకి చెదిరినట్టు వదిలితే మెత్తబడుతుంది. తిన్నగా గీతలా మాత్రం వద్దు. ఏది చెయ్యమంటారు?"

"వెనక్కే బాగుంటుందిరా" అంది అక్క.

"ముందుకి" అన్నాడు. "కాదు, వెనక్కి. అసలు... మీరైతే ఏం చేస్తారు మేడమ్?"

"మీ తల కదండీ, మీరే చెప్పాలి!" నవ్విందావిడ. చివరికి పక్కలు పొట్టిగా చేసి, పైన ఎటు దువ్వినా ఒదిగేంత పొడవుంచింది. చివర్లు ఎగుడుదిగుడుగా కత్తిరించింది.

సోమవారం ముందుకు దువ్వుకుని వెళ్లాడు. పక్క కౌంటరతను "జుట్టు పెరిగినట్టుందే" అన్నాడు. మంగళవారం వెనక్కి దువ్వుకుంటే మొన సూటిగా, నల్లగా, ఎవరికో సవాలు విసురుతున్నట్టు కనబడింది. ఎవరూ ఏమీ అనలేదు. అది మంచికో చెడుకో అతనికి అంతుబట్టలేదు.

బుధవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "నాది భలే కుదిరిందిరా. నీదెలా ఉంది?"

చిన్నోడు దువ్వెన చేత్తో పట్టుకుని అద్దం ముందే నిలబడి ఉన్నాడు. "తెలీట్లేదే అక్కా" అన్నాడు నిజాయితీగా. "కానీ బాగానే ఉన్నట్టుంది."