కిటికీల మీది ఫ్లెక్సీలు

ఖమ్మంలోని ఆ ఈతకొలను తలుపు తీయగానే ముక్కుకు తగిలే ఘాటు అంటే ఆతియాకు చాలా గర్వం. ఆడవాళ్ల బ్యాచ్‌కు కోచ్‌గా చేరిన రోజు నుంచీ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేది: వాసన ఎంత గట్టిగా కొడితే నీళ్లు అంత శుభ్రంగా ఉన్నట్టు. కళ్లు మండుతున్నాయంటే క్లోరిన్ తన పని తను చేసుకుంటోందనేది.

ఆమెకున్న రెండో గర్వం కిటికీలు. నాలుగేళ్ల కింద పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆడవాళ్లకని విడిగా సమయం సంపాదించింది ఆమే. కొలనుకు కప్పు ఉంది గానీ, ఒక పక్క వరుసగా అయిదు కిటికీలున్నాయి. వాటికి ఎదురుగా ఒక కాంప్లెక్స్ లేస్తోంది. అక్కడి మేస్త్రీలకు సరిగ్గా పది గంటలకే టీ గుర్తొచ్చేది. ఆతియా యాజమాన్యంతో పోట్లాడి, పాత ఎన్నికల ఫ్లెక్సీలు తెప్పించి, అయిదు కిటికీలనూ బిగించేసింది. గాలిని బయటికి లాగే ఫ్యాన్ల సందులను కూడా వదల్లేదు. చేతులు జోడించిన నాయకుల మొహాలు మాత్రం బయటికి తిప్పించింది. బొమ్మలో ఉన్నా మగవాళ్లు మగవాళ్లేనని బ్యాచ్‌లోని నిర్మలాదేవి పట్టుబట్టింది మరి.

మధిర నుంచి కాపురానికొచ్చిన నిర్మలాదేవి మోకాళ్ల నొప్పుల కోసం డాక్టరు చెబితే ఈతకొచ్చేది. తలకు కొబ్బరినూనె, మెడకు పౌడరు, కాళ్లకు పసుపు. పెళ్లికి బయల్దేరినట్టు వచ్చి నీళ్లలోకి దిగేది. మిగతా పాతికమందీ కాస్త అటూ ఇటూగా అంతే. దిగే ముందు స్నానం చేయమని గోడ మీద రాసుంది. పొద్దున్నే ఇంట్లో తలంటుకొని వచ్చినవాళ్లకు అది అవమానంగా తోచేది. స్నానమంటే వాళ్ల లెక్కలో ఈతయ్యాక క్లోరిన్ పోగొట్టుకోవడానికి చేసేది.

హేమ్లి వేరు. ఇల్లెందు దాటాక అడవి అంచున ఉన్న తండా పిల్ల, పదిహేడేళ్లది. వాగులో ఈదడం నేర్చుకుంది. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతూ రోజూ రెండు గంటలు నీళ్లలోనే ఉండేది. హైదరాబాదులో జరిగే జూనియర్ల రాష్ట్ర జట్టు ఎంపికకు ఆతియా ఆమె పేరు పంపింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

ఎండలు ముదిరే రోజుల్లో పిల్లకు దగ్గు మొదలైంది. ముందు గొంతులో గరగర. తర్వాత ఈత మధ్యలోనే, ఊపిరికని మొహం పక్కకు తిప్పినప్పుడల్లా పొడిదగ్గు. నిర్మలాదేవి శొంఠికషాయం ఫ్లాస్కులో పోసుకొచ్చింది. మెడికల్ షాపువాడు రెండు సిరప్పులు మార్చాడు. మూడు రోజులు తండాకు పోయినప్పుడు దగ్గు మాయమైంది. తిరిగొచ్చిన రోజే, కొలను ఈ కొస నుంచి ఆ కొసకు ఈదే మూడో లెంగ్తులో మళ్లీ అందుకుంది.

ఇంటి మీద బెంగ అనుకుంది ఆతియా. ఇంకా కాస్త ముందుకెళ్లి, కష్టం తప్పించుకోవడానికి వేషాలేస్తోందేమో అని కూడా అనుకుంది. అనుకొని ఊరుకున్నా బాగుండేది.

"దగ్గు ఆపుకో. మూడో లెంగ్తుల దగ్గితే రెండు సెకన్లు పోతయ్. పక్కోళ్లు నీకోసం ఆగరు," అంది.

హేమ్లి ఆపుకుంది. నెల రోజులు ఆపుకుంది. ఒక రోజు కొలను అంచు పట్టుకొని, ఊపిరాడక భుజాలు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే మాట కూడా రాలేదు.

దవాఖానాలో డాక్టరమ్మ హేమ్లి చేత గొట్టంలోకి ఊదించింది, ఏదో మందు పీల్పించి మళ్లీ ఊదించింది. తర్వాత దగ్గు సంగతి వదిలేసి కొలను సంగతి అడిగింది. వాసన వస్తుందా? అందరూ స్నానం చేసి దిగుతారా? కిటికీలున్నాయా?

వాసన గట్టిగా వస్తుందని ఆతియా గర్వంగానే చెప్పింది. ఫ్లెక్సీల దాకా వచ్చేసరికి గొంతు తగ్గింది.

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. సరిగ్గా చూసుకునే కొలనులో అంత వాసన ఉండదట. క్లోరిన్ చెమటతోనూ ఒంటి మురికితోనూ, చెప్పుకోవడానికి సిగ్గయినా మూత్రంతోనూ కలిస్తే ఒక వాయువు పుడుతుందట. కళ్లను మండించేదీ గొంతును గీరేదీ అదే. గాలి కదలకపోతే అది నీళ్లకు జానెడు పైన పేరుకుంటుంది. ఈదేవాళ్లు మూతి పెట్టేది సరిగ్గా అక్కడే, అదీ గట్టిగా, లోతుగా పీల్చేటప్పుడు. పిల్ల ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతున్నాయి. పీల్చే మందు రాసిస్తాను, నెల రోజులు ఈత వద్దు, గాలి బాగుపడ్డాకే మళ్లీ దిగాలి అంది.

ఎంపిక పన్నెండు రోజుల్లో ఉంది.

బయటికొచ్చి ఆటోస్టాండు దగ్గర నిలబడ్డాక హేమ్లి అడిగింది.

"ఎంపికల ఈదేది నిమిషం పనే కద మేడం. దగ్గు ఆపుకుంట. ఇన్ని దినాలు ఆపుకోలేదా?"

తను నేర్పిన పాఠం ఇంత బాగా వచ్చిన శిష్యురాలు ఆతియాకు ఇంకొకరు లేరు.

"వద్దు బిడ్డా. నేనే తప్పు చెప్పిన."

ఆ సాయంత్రమే ఫోన్ చేసి జాబితాలోంచి పేరు తీయించింది. హేమ్లి ఏడవలేదు. హాస్టల్లో బట్టలు సర్దుకొని, మందు డబ్బా పెట్టెలో వేసుకొని తండా బస్సెక్కింది.

మరునాడు ఆతియా నిచ్చెన వేసి తనే ఫ్లెక్సీలు కోసేసింది. నాయకులు ఒక్కొక్కరే చేతులు జోడించుకొని నేల మీద పడ్డారు. నీళ్లు చూసే కోటేష్‌ను గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. వాసన పెరిగినప్పుడల్లా నీళ్లు పాడయ్యాయనుకొని ఇంకాస్త క్లోరిన్ పోసేవాడట. పనిచేసే క్లోరిన్ ఎంతుందో చూసేవాడే గానీ, మురికితో కలిసిపోయింది ఎంతో చూసే చుక్కలమందు అయిపోయి ఏడాదయిందట. ఆమె ఆ మందు తెప్పించి పరీక్ష చేయించింది. మురికితో కలిసిన క్లోరిన్ ఉండాల్సినదానికి నాలుగింతలుంది. మూడో వంతు నీళ్లు తోడించి కొత్తవి నింపించింది, ఫ్యాన్లు తిప్పించింది.

సబ్బుతో ఒళ్లు రుద్దుకొని, నూనె పోయేదాకా తల కడుక్కొని, టోపీ పెట్టుకొని, బాత్రూముకు వెళ్లొచ్చాకే దిగాలన్న రూలు పెడితే బ్యాచ్ మొత్తం అలిగింది. ఈత మధ్యలో గంటకోసారి లేచి బాత్రూముకు పోవాలన్నప్పుడు ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందరికంటే ఎక్కువ అలిగిన నిర్మలాదేవి మాత్రం, ఎందుకో చెప్పేసరికి మెత్తబడింది.

"ఆ పిల్ల పక్కనే ఈదానండీ, నూనె తలతో," అని టోపీ అందుకుంది.

మూడో రోజు నర్సరీల్లో కప్పే పచ్చ వల కొనుక్కొచ్చి, గోడకు మూరెడు ఎడంగా, గాలి ఆడేట్టు, బయటివాళ్లకు కనబడకుండా తనే కట్టించింది. కిటికీలకు మూరెడు దూరంలో వల కట్టడం ఎవరికైనా తట్టే పనే. నాలుగేళ్లుగా ఎవరికీ తట్టలేదు.

నెలన్నర తర్వాత హేమ్లి హాస్టల్లో మిగిలిన సామాను కోసం వచ్చింది. భద్రాచలంలో నర్సింగులో చేరుతోందట. కొలను దగ్గర నిలబడి గాలి పీల్చి చూసింది.

"వాసనే లేదు మేడం."

డాక్టరమ్మ దిగొచ్చని చెప్పిందో లేదో అడిగి, ఒక్కసారి ఈదమంది ఆతియా. హేమ్లి స్నానం చేసొచ్చి దిగింది. ఆతియా స్టాప్‌వాచ్ తీయలేదు. గోడకానుకొని చెవులు రిక్కించి నిలబడింది. మొదటి లెంగ్తు. రెండోది. మూడోది సగం దాటింది. ఆ చోటే, ప్రతిసారీ దగ్గు వచ్చే చోటు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నాలుగోది అయింది.

హేమ్లి బయటికొచ్చి, నల్లా కింద ఒళ్లు కడుక్కొని, గొంతు పుక్కిలించి, నీళ్లు తాగింది. ఊపిరి మంచిగనే ఆడిందని చెప్పింది. బస్సుకు టైమవుతోందని బ్యాగు భుజానికెత్తుకుంది.

గేటు దాకా సాగనంపి వచ్చేసరికి బ్యాచ్ అంతా దిగే ఉంది. టోపీల కింద అందరి తలలూ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరూ దగ్గడం లేదు. ఆతియా మెట్టు మీద కూర్చొని, ఆ దగ్గులేని నిశ్శబ్దాన్ని పన్నెండు దాకా వింటూ ఉండిపోయింది.