రెండో సందుల తిరగండి

తంగళ్ళపల్లిల పొద్దుగాల ఆరింటికి వెంకటేశం పానం పోయింది. పెద్దకొడుకు సునీల్ భీవండిల సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతడు. ఆయన వచ్చేసరికి రేపు తెల్లారుతది. అందుకే చిన్నకొడుకు మనోహర్ సిరిసిల్లకు ఫోన్ చేసి, అప్పటిదాంక నాయినను ఉంచేటందుకు ఫ్రీజర్ డబ్బా చెప్పిండు, డ్రైవర్‌కు మెసేజ్ గూడ పెట్టిండు.

"ఏం పెట్టినవ్?" అని అడిగింది వదిన హేమలత.

ఫోన్ చూపిచ్చిండు. 'పాలకేంద్రం కాడికి వచ్చి వెంకటేశం ఇల్లు అని అడుగు, ఎవరన్న చెప్తరు.'

హేమలత ఇంకోసారి చదివింది. పాలకేంద్రం దాటంగనే మొదటి సందుల ఇంకో వెంకటేశం ఉన్నడు. గుండె ఆపరేషనయి మొన్ననే ఇంటికొచ్చిండు, పొద్దంత వాకిట్ల మంచంల కూసుంటడు. అడిగితే అందరు ఆయన ఇల్లే చూపిస్తరు. ఆయన కండ్ల ముంగట గా డబ్బా దిగుతే?

డ్రైవర్‌కు ఫోన్ చేసింది. ఎత్తలే. లొకేషన్ పంపుదామని చూస్తే గుర్తు మొదటి సందు మీదనే పడ్డది. మనోహర్ మెసేజ్ తీసేయించి, మరిది ఫోన్లనే ఆగి ఆగి రాసింది.

'నమస్తే అన్నా. ఇంతకుముందు పెట్టింది తీసేసినం, దయచేసి గిదే చూడండి. బ్రిడ్జి దాటి ఊర్లకొస్తే ఎడమ దిక్కు పాలకేంద్రం ఉంటది. అది దాటినంక ఎడమకు మొదటి సందుల తిరగకండి. రెండో సందుల తిరగండి. కుడి దిక్కు మూడో ఇల్లు, నీలం గేటు. నేను గేటు కాడ నిలవడి ఉంట. మొదటి సందుల ఇదే పేరు గల్ల పెద్దాయన పానం బాగలేక ఉన్నడు, అందుకే పేరు చెప్పి ఎవర్నీ అడగకండి. తెలువకుంటే నా నంబర్‌కు చెయ్యండి. హేమలత.' కింద తన నంబర్ రాసింది.

పంపినంక గేటు కాడికి పోయి నిలవడ్డది. లోపల అత్త సత్యవ్వ ఏడుపు వినవస్తున్నది. పావుగంటకు ఫోన్ మోగింది.

"అక్కా, సురేందర్‌ను, డ్రైవర్‌ను. బండి పక్కకాపి చదివిన. పాలకేంద్రం దాటినంక ఎడమకు రెండో సందు, కుడి దిక్కు మూడో ఇల్లు. అంతే గదా?"

"అంతేనే అన్నా."

"ఎవ్వర్నీ అడుగ, ఫికర్ చెయ్యకు."

బండి మెల్లగ వచ్చింది. హారన్ కొట్టలే. మనోహర్, సురేందర్ కలిసి డబ్బా లోపలికి మోసిండ్రు.

మధ్యాహ్నం మొదటి సందు వెంకటేశం పెండ్లాం మల్లవ్వ వచ్చి సత్యవ్వ పక్కన కూసున్నది. పోయేటప్పుడు హేమలత చెయ్యి పట్టుకున్నది.

"మా ఇంటాయనకు ఇంక తెల్వది బిడ్డా. ఇద్దరు ఒక్క సాంచాల షెడ్డుల పని చేసిండ్రు. అన్నం తిన్నంక నేనే నిమ్మలంగ చెప్త."

హేమలత తలూపింది. పొద్దటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.