పాత లింకు పోయింది

నాలుగేళ్ల కింద మమతారాణి ఇంట్లో అలిగి ఇచ్చోడలోని మేనత్త దగ్గరికి పోయి, మర్నాడే చొప్పదండికి తిరిగొచ్చింది. ఒక న్యూస్ సైటు మాత్రం ఆమెను ఇంకా వెతుకుతూనే ఉంది. ఆ ‘అదృశ్యం’ వార్త కింద వేసిన తండ్రి నంబరు ఇప్పుడు ఆమె ఫోనులోనే ఉంది. ఎవరెవరో మగవాళ్లు దానికి ఫోన్ చేస్తుంటారు.

ఆ వార్త తీసేయమని నెట్ సెంటర్ ప్రణయ్ గూగుల్‌కు దరఖాస్తు పెట్టాడు. పది రోజులకు ఒప్పుకున్నారు. ఆమె పేరు కొడితే ఆ వార్త రావడం లేదు. మమతారాణి పీడ విరగడైందనుకుంది.

మూడోనాడు మళ్లీ ఫోన్. ‘చొప్పదండి మిస్సింగ్’ అని వెతికితే నంబరు దొరికిందట.

“గదేంది తమ్మీ, తీసేసిండ్రు గదా?”

“నీ పేరు కొడితెనే చూపెట్టరక్కా. పేజీ అట్లనే ఉన్నది. అది తీసుడు సైటోళ్ల చేతుల్నే ఉంటది.”

ఆమె కరీంనగర్ పోయి సైటు నడిపే రిపోర్టర్‌ను బతిమాలింది. అతను వివరాలన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు, ఆమె ఫొటో కూడా తీసుకున్నాడు.

“ఫికర్ చెయ్యకమ్మా. రేపటికల్లా పాత వార్త ఉండది.”

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు ప్రణయ్ పాత లింకు నొక్కితే పేజీ లేదు. ఆమె పేరు కొట్టి చూశాడు. మొట్టమొదటే కొత్త వార్త వచ్చింది, నిన్నటి ఫొటోతో సహా: ‘నా అదృశ్యం వార్త తొలగించండి: చొప్పదండి మమతారాణి వేడుకోలు’.

కింద నంబరు కూడా ఉంది.